చెట్టు మారింది – కన్ను గమనించలేదు!

కంప్యూటరు ఆటల్లో అడవి దారి వెంట నడుస్తున్నప్పుడు ఒక వింతను మీరు చూసే ఉంటారు. దూరాన ఒక చెట్టు కనబడుతూ ఉంటుంది. మనం దాని వైపు నాలుగడుగులు వేసేసరికి ఆ చెట్టు టప్పున ఇంకో రూపంలోకి మారిపోతుంది. కొమ్మలు కొంచెం జరిగినట్లు, ఆకులు ఉన్నట్టుండి పెరిగినట్లు అనిపిస్తుంది. మనం చూస్తున్నది ఆ చెట్టును కాకపోయినా సరే, చూపు దాని మీదికే పోతుంది. అలా టప్పున మారడాన్ని ఆటలు తయారుచేసేవారు ‘పాపింగ్’ అంటారు.

చెట్టు మారడం తప్పు కాదు. మారక తప్పదు కూడా. తెలిసేలా మారడమే తప్పు. అసలెందుకు మారాలి? మారినా తెలియకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఈ రెండు ప్రశ్నలకూ లెక్క వేసి మరీ జవాబు తెలుసుకుందాం. ఇందుకు పదవ తరగతి గణితం చాలు.

ఒక్క చెట్టుకు నాలుగు రూపాలు

కంప్యూటరు తెరమీది వస్తువులన్నీ త్రిభుజాలతో అల్లినవే. 8 మీటర్ల ఎత్తున్న ఒక వేపచెట్టును తీసుకుందాం. మానుకు, కొమ్మలకు కలిపి 4,000 త్రిభుజాలు పెట్టాం అనుకోండి. ఇక ఆకులు. ఒక్కొక్క ఆకునూ విడిగా చేయడం కుదరదు. కాబట్టి రెబ్బ బొమ్మను ఒక చిన్న చదరపు రేకు మీద అంటిస్తారు. ఒక్కో రేకు భుజం 20 సెంటీమీటర్లు. దాన్ని రెండు త్రిభుజాలతో చేయవచ్చు. అలాంటి రేకులు 8,000 ఉంటే 16,000 త్రిభుజాలు. మొత్తం 20,000 అయ్యాయి గదా!

అడవిలో 5,000 చెట్లుంటే మొత్తం 10 కోట్ల త్రిభుజాలు. చాలా ఆటల్లో తెరమీది బొమ్మ సెకనుకు 60 సార్లు కొత్తగా గీయబడుతుంది. అంటే ఈ 10 కోట్లనూ సెకనులో 60వ వంతు కాలంలో గీయాలి. అదీ నీడలు, నీళ్ళు, మనుషులు అన్నీ గీయగా మిగిలిన కాలంలో! పైగా దూరపు చెట్టు తెరమీద బొటనవేలి గోరంత కూడా ఉండదు. దానికి 20,000 త్రిభుజాలు ఖర్చు పెట్టడమంటే పోస్టుకార్డు మీద మహాభారతం రాయబోవడమే.

అందుచేత అదే చెట్టుకు అనేక రూపాలు ముందే తయారుచేసి పెట్టుకుంటారు. దగ్గరి రూపంలో వివరాలన్నీ ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ వివరాలు తక్కువగా ఉన్న రూపాన్ని వాడతారు. ఈ పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ క్లార్క్ 1976లోనే ఒక పరిశోధన వ్యాసంలో వివరించాడు. ఈ రూపాల వరుసకే ‘లెవెల్ ఆఫ్ డీటెయిల్’ గొలుసు అని పేరు. మనం వివరాల గొలుసు అందాం. మన వేపచెట్టుకు ఇలాంటి గొలుసును అల్లుదాం.

మొదటి రూపం: 8,000 రేకులు, మొత్తం 20,000 త్రిభుజాలు.
రెండో రూపం: 2,000 రేకులు, కొమ్మలు తగ్గించిన మాను; మొత్తం 5,000 త్రిభుజాలు.
మూడో రూపం: 500 రేకులు, సన్నని మాను, మొత్తం 1,200 త్రిభుజాలు.
నాలుగో రూపం: చెట్టు బొమ్మ అంటించిన ఒకే ఒక పెద్ద రేకు, 2 త్రిభుజాలు.

ఆకులు తీసేస్తే ఆకాశం కనబడుతుంది

మొదటి రూపంలోని 8,000 రేకుల్లో 6,000 తీసేసి 2,000 మిగిల్చాం. ఇప్పుడేమవుతుంది? శిశిరంలో ఆకు రాలినట్లు చెట్టు బోడిగా అయిపోతుంది. సందుల్లోంచి ఆకాశం తొంగి చూస్తుంది. ఇంతకు ముందు ఆకుపచ్చగా ఉన్నచోట తెల్లని వెలుగు కనిపించిందంటే, దాన్ని గమనించని కన్నంటూ ఉండదు.

దీనికి విరుగుడు తేలికైనదే. రేకుల సంఖ్య నాలుగో వంతుకు తగ్గింది కాబట్టి మిగిలిన ఒక్కో రేకు వైశాల్యాన్ని నాలుగు రెట్లు పెంచాలి. వైశాల్యం నాలుగు రెట్లు కావాలంటే భుజం రెండు రెట్లయితే చాలు. అంటే 20 సెంటీమీటర్ల రేకు 40 సెంటీమీటర్లవుతుంది. మూడో రూపంలో మళ్ళీ నాలుగో వంతే మిగిల్చాం గనుక భుజం 80 సెంటీమీటర్లు. మొత్తం ఆకుల వైశాల్యం ఎక్కడా మారలేదు. చెట్టు ఎంత ఆకాశాన్ని కప్పిందో ఇప్పుడూ దాదాపు అంతే కప్పుతుంది. యానిమేషన్ చిత్రాలు తీసే పిక్సార్ సంస్థకు చెందిన రాబర్ట్ కుక్, ఆయన సహచరులు 2007లో ఈ పద్ధతిని ప్రకటించారు.

ఇక్కడ మూడు జాగ్రత్తలున్నాయి. మొదటిది, తీసేసే రేకులను చెట్టంతటి నుంచీ చెదురుమదురుగా ఏరాలి. ఒకే కొమ్మ నుంచి తీస్తే ఆ కొమ్మ మాయమైనట్లుంటుంది. పైగా మూడో రూపంలోని రేకులన్నీ రెండో రూపంలో ఉన్నవే కావాలి. కొత్తచోట కొత్త రేకు మొలిస్తే అది కదలికలా కనబడుతుంది.

రెండోది, రేకు పెద్దదైతే దాని అంచు చెట్టు గుబురు దాటి బయటికి వస్తుంది. 20 సెంటీమీటర్ల రేకు 40 అయితే ప్రతి వైపూ 10 సెంటీమీటర్లు ముందుకు జరిగిందన్నమాట. చెట్టు ఉబ్బినట్లుండకుండా అంచు దగ్గరి రేకులను ఆ మేరకు లోపలికి జరపాలి.

మూడోది రంగు సంగతి. చిన్న ఆకులు వేలకొద్దీ ఉన్నప్పుడు వెలుగు, నీడ కలిసిపోయి మెత్తని పచ్చదనం వస్తుంది. పెద్ద రేకులు కొన్నే ఉంటే ఒకటి బాగా వెలుగుగా, పక్కది బాగా చీకటిగా ఉండి చెట్టంతా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అందుచేత దూరపు రూపాల్లో రేకుల రంగుల మధ్య తేడాను తగ్గించి, అన్నింటినీ సగటు రంగుకు దగ్గరగా తేవాలి.

రేకులు ఒకదాని వెనుక ఒకటి పడుతుంటాయి కాబట్టి వైశాల్యం లెక్క కచ్చితంగా కుదరదు. కనుక చివరికి కొలిచి సరిచూసుకోవాలి. రెండు రూపాలనూ ఒకేచోట నిలబెట్టి, తెల్లని తెర ముందు విడివిడిగా గీయించి, ఒక్కొక్కటీ ఎన్ని పిక్సెళ్ళను కప్పిందో లెక్కపెట్టాలి. పిక్సెల్ అంటే తెరమీది అతి చిన్న గడి. రెండు లెక్కలూ దాదాపు సమానంగా వచ్చేదాకా రేకుల భుజాన్ని కొంచెం సవరించుకోవాలి.

చెట్టు పలచబడడానికి ఇంకో దొంగ కారణం కూడా ఉంది. రేకు మీద అంటించిన బొమ్మకు కూడా దూరానికి తగిన చిన్న ప్రతులు ఉంటాయి. పెద్ద బొమ్మలోని నాలుగు గడులను కలిపి చిన్న బొమ్మలో ఒక గడి చేస్తారు. ఆకు ఉన్న గడికి 1, ఖాళీ గడికి 0 అనుకోండి. నాలుగు గడుల్లో ఒకదాంట్లోనే ఆకు ఉంటే సగటు 0.25. విలువ 0.5కు తగ్గితే ఆ గడిని గీయవద్దని కంప్యూటరుకు చెప్పి ఉంటే, అక్కడి ఆకు పూర్తిగా మాయం! సన్నని రెబ్బలన్నీ ఇలాగే పోతాయి. అందుకని ప్రతి చిన్న ప్రతిలోనూ పెద్ద బొమ్మలో ఎంత శాతం ఆకు ఉందో అంతే శాతం మిగిలేలా విలువలను పెంచాలి. రూపం మారకుండానే చెట్టు దూరం పోయేకొద్దీ పలచబడుతోందంటే, తప్పు ఇక్కడే ఉందని పసిగట్టవచ్చు.

ఏ దూరంలో మార్చాలి?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. “50 మీటర్ల దగ్గర మారుద్దాం” అని అందాజుగా చెప్పడం తప్పు. కంటికి మీటర్లు తెలియవు. దానికి తెలిసినవి తెరమీది పిక్సెళ్ళే.

మామూలు తెరలో నిలువునా 1,080 పిక్సెళ్ళున్నాయి అనుకుందాం. ఆటలోని కెమెరా పైనుంచి కిందికి 60 డిగ్రీల మేర చూస్తుంది. మధ్య గీతకు పైన 30, కింద 30. కెమెరా నుంచి ఒక మీటరు దూరంలో ఎంత ఎత్తు కనబడుతుంది? టాన్ 30° విలువ 0.577. దానికి రెట్టింపు 1.155 మీటర్లు. ఆ 1.155 మీటర్లూ 1,080 పిక్సెళ్ళలో సర్దుకోవాలి. కనుక ఒక మీటరు దూరంలో ఉన్న ఒక మీటరు కర్ర 1,080 ÷ 1.155 = 935 పిక్సెళ్ళు ఉంటుంది. దూరం రెట్టింపైతే ఇది సగమవుతుంది. సరూప త్రిభుజాల పాఠం గుర్తుంది గదా!

```
పిక్సెళ్ళు = 935 × పొడవు ÷ దూరం
```

(పొడవు, దూరం రెండూ మీటర్లలో.)

మొదటి రూపం నుంచి రెండోదానికి మారినప్పుడు రేకు అంచు 10 సెంటీమీటర్లు, అంటే 0.1 మీటరు జరుగుతుంది. లోపలికి జరిపి సవరించినా గుబురు మధ్యలో అంత తేడా ఉంటూనే ఉంటుంది. ఈ తేడా తెరమీద 2 పిక్సెళ్ళు మించకూడదని నియమం పెట్టుకుందాం. అప్పుడు దూరం = 935 × 0.1 ÷ 2 = 47 మీటర్లు సుమారు. రెండో రూపం నుంచి మూడోదానికి తేడా 0.2 మీటరు. కాబట్టి దూరం 94 మీటర్లు.

నాలుగో రూపం ఒట్టి బొమ్మ. చెట్టును చుట్టూ 16 దిక్కుల నుంచి ముందే గీసి ఉంచుకుని, మనం చూసే దిక్కుకు దగ్గరగా ఉన్న బొమ్మను చూపిస్తారు. 360ని 16తో భాగిస్తే 22.5 డిగ్రీలు. మనం సరిగ్గా రెండు బొమ్మల నడిమి దిక్కున ఉంటే 11.25 డిగ్రీల తేడా వస్తుంది. చెట్టు గుబురు మాను నుంచి 3 మీటర్లు విస్తరించి ఉంటే, మనకు ఎదురుగా ఉన్న కొసరెబ్బ ఉండవలసిన చోటు నుంచి 3 × సైన్ 11.25° = 0.585 మీటరు పక్కకు కనిపిస్తుంది. 2 పిక్సెళ్ళ నియమం ప్రకారం దూరం 935 × 0.585 ÷ 2 = 273 మీటర్లు. 275 అందాం. 16కు బదులు 8 బొమ్మలే గీస్తే ఇది దాదాపు రెట్టింపవుతుంది. అంటే బొమ్మలకు చోటు మిగులుతుంది గాని, వందల మీటర్ల దాకా త్రిభుజాలనే మోయాల్సి వస్తుంది.

ఈ శ్రమకు ఫలితమేమిటో చూద్దాం. 100 చదరపు మీటర్లకు ఒక చెట్టు ఉన్న అడవిలో మనం నడుమ నిలబడ్డాం. వృత్త వైశాల్యాల లెక్కన 47 మీటర్ల లోపు 69 చెట్లు, అక్కడి నుంచి 94 దాకా 208 చెట్లు, అక్కడి నుంచి 275 దాకా సుమారు 2,100 చెట్లు వస్తాయి. మిగిలిన 2,600 పైచిలుకు చెట్లు ఒట్టి బొమ్మలే. త్రిభుజాలు లెక్కిస్తే మొదటి వలయంలో 13.8 లక్షలు, రెండోదాంట్లో 10.4 లక్షలు, మూడోదాంట్లో 25.2 లక్షలు, బొమ్మలవి 5 వేల చిల్లర మాత్రమే. మొత్తం 50 లక్షల లోపే. 10 కోట్లలో ఇది 20వ వంతు!

లెక్కను పిక్సెళ్ళలో వేయడం వల్ల మరో మేలుంది. ఆటగాడు దుర్భిణి పెట్టి చూశాడనుకోండి. 60 డిగ్రీల చూపు 15 డిగ్రీలకు కుదించుకుపోతుంది. 935 కాస్తా 4,100 అవుతుంది. అంటే మార్పు జరగవలసిన దూరాలన్నీ నాలుగు రెట్లకు పైగా వెనక్కి పోవాలి. మీటర్లలో దూరం నిర్ణయించి వదిలేసిన ఆటలో దుర్భిణి పెట్టగానే దూరపు చెట్లు అట్టముక్కల్లా కనబడేది ఇందుకే.

మార్పు క్షణాన్ని కరిగించడం

2 పిక్సెళ్ళ తేడా కూడా ఒక్కసారిగా జరిగితే కన్ను పట్టేస్తుంది. చూపు కొసల్లో మన కన్ను రూపాన్ని స్పష్టంగా చూడలేదు. కాని అక్కడ ఏదైనా తటాలున మారితే మాత్రం వెంటనే పసిగడుతుంది. అదే మార్పు నెమ్మదిగా జరిగితే తరచు గమనించదు. కాబట్టి పాత రూపం నుంచి కొత్తదానికి మెల్లగా పోవాలి.

పాత చెట్టును గాజులా పారదర్శకం చేస్తూ పోతే సరిపోదా అని మీరు అడగవచ్చు. పారదర్శక వస్తువులను వెనుకవి ముందు, ముందువి తర్వాత అన్న క్రమంలో గీయాలి. వేల రేకులను అలా పేర్చడం భారం. అందుకు బదులు ఒక గడుల ఉపాయం వాడతారు. తెరను 4 × 4 గడులుగా విభజించి, ప్రతి గడికీ ఒక సంఖ్య ఇస్తారు.

```
 0   8   2  10
12   4  14   6
 3  11   1   9
15   7  13   5
```

45 మీటర్ల నుంచి 49 మీటర్ల దాకా ఉన్న 4 మీటర్ల పట్టీలో చెట్టు మారాలి అనుకుందాం. చెట్టు 45 మీటర్ల దగ్గర ఉన్నప్పుడు మెట్టు 0. 49 మీటర్లకు చేరేసరికి 16. గడి సంఖ్య మెట్టు కంటే తక్కువైతే అక్కడ కొత్త చెట్టును గీయాలి. లేకపోతే పాత చెట్టును గీయాలి. 46 మీటర్ల దగ్గర మెట్టు 4 గనుక 0, 1, 2, 3 గడుల్లో కొత్త చెట్టు, మిగిలిన 12 గడుల్లో పాత చెట్టు. పట్టికను చూడండి, ఆ నాలుగు గడులూ ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. అందువల్ల కంటికి గడులు కనబడవు, మిశ్రమమే కనబడుతుంది.

ఇక్కడ తరచుగా దొర్లే పొరపాటొకటి ఉంది. రెండు చెట్లకూ వేరువేరు గడులు రావాలి. పొరపాటున రెండూ ఒకే గడులను పంచుకుంటే మిగతా గడులు ఖాళీగా ఉండిపోయి, సందుల్లో ఆకాశం కనబడుతుంది. మార్పు సగందాకా వచ్చినప్పుడు చెట్టు పలచబడి, ఆ తర్వాత మళ్ళీ చిక్కబడుతోందంటే ఈ పొరపాటు జరిగిందని అర్థం.

పట్టీలో ఉన్న చెట్లను రెండుసార్లు గీయాలి గనుక పట్టీని మరీ వెడల్పు చేయకూడదు. మన అడవిలో 45, 49 మీటర్ల మధ్య ఉండేవి 12 చెట్లే. అదనపు ఖర్చు 60 వేల త్రిభుజాలు. భరించవచ్చు. ఇందులో ఒక లోపం మాత్రం ఉంది. ఆటగాడు సరిగ్గా ఆ పట్టీ దగ్గర ఆగి చెట్టును తేరిపార చూస్తే సన్నని ఇసుక చల్లినట్లు గడులు కనిపించవచ్చు.

అన్ని చెట్లూ సరిగ్గా 47 మీటర్ల దగ్గరే మారితే ఇంకో చిక్కు. మనం నడుస్తూ ఉంటే మన చుట్టూ ఒక వలయం కూడా నడుస్తున్నట్లు తెలిసిపోతుంది. అందుకని ఒక్కో చెట్టుకు మార్పు దూరాన్ని పదో వంతు దాకా అటూ ఇటూ చేస్తారు. ఒకటి 44 దగ్గర, మరొకటి 50 దగ్గర మారుతుంది. వలయం చెదిరిపోతుంది.

గాలిని కూడా మరచిపోకూడదు. త్రిభుజాల చెట్టు గాలికి ఊగుతుంది. బొమ్మ చెట్టు ఊగదు. ఊగుతున్నది ఠక్కున ఆగితే అది కూడా పాపింగే. కొమ్మ కొస 20 సెంటీమీటర్లు ఊగుతుంటే 200 మీటర్ల దూరంలో ఆ ఊపు 935 × 0.2 ÷ 200 = 0.9 పిక్సెల్. అంటే అక్కడ ఎలాగూ కనిపించదు. కాబట్టి 150 మీటర్ల నుంచి ఊపును క్రమంగా తగ్గిస్తూ వచ్చి, 275 చేరకముందే ఆపేస్తే సరి. నీడ సంగతీ ఇంతే. చెట్టు రూపం మెల్లగా మారుతూ, దాని నీడ మాత్రం నేలమీద ఒక్కసారిగా మారితే పడిన శ్రమంతా వృథా.

గడ్డి లెక్క వేరు

చెట్టును ఒక్కొక్కటిగా చూసుకున్నాం. గడ్డిని అలా చూడలేం. చదరపు మీటరుకు 100 పరకలు అనుకున్నా, 100 మీటర్ల వ్యాసార్ధంలో 31 లక్షలకు పైగా పరకలుంటాయి. ఒక్కో పరకకు రూపాల గొలుసు పెట్టే బదులు, పరకల సంఖ్యనే తగ్గిస్తూ పోవాలి.

పరక వెడల్పు ఒక సెంటీమీటరు అనుకోండి. మన సూత్రం ప్రకారం 9.35 మీటర్ల దూరానికే అది ఒక్క పిక్సెల్ అయిపోతుంది. ఆపైన పిక్సెల్ కంటే సన్నబడుతుంది. అలా సన్నబడిన పరక ఒకసారి తెరమీద పడుతుంది, ఒకసారి పడదు. గడ్డంతా మిణుకుమిణుకుమంటుంది. కాబట్టి ఆ దూరం దాటాక పరక తెరమీద ఎప్పుడూ ఒక పిక్సెల్ వెడల్పు ఉండేలా దాన్ని లావు చేయాలి. 37.4 మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. పరక నాలుగు రెట్లు లావైంది గనుక నాలుగో వంతు పరకలు చాలు. చదరపు మీటరుకు 25. చెట్టు ఆకులకు వాడిన సూత్రమే ఇక్కడా పనిచేసింది చూశారా!

దీనిలో చక్కని గణితం దాగి ఉంది. మన చుట్టూ ఒక మీటరు వెడల్పున్న వలయాలు గీద్దాం. దూరం రెట్టింపైతే వలయ వైశాల్యం రెట్టింపవుతుంది. పరకల సాంద్రత సగమవుతుంది. కాబట్టి ప్రతి వలయంలోనూ ఒకే సంఖ్యలో పరకలుంటాయి. లెక్కిస్తే ఒక్కో వలయానికి సుమారు 5,900. అలాంటివి 90 వలయాలు దాదాపు 5.3 లక్షలు. లోపలి 9.35 మీటర్లలోని 27 వేలు కలిపితే 5.6 లక్షలు. 31 లక్షలు ఇంతకు దిగాయి. కెమెరా అడ్డంగా చూసేది చుట్టూ ఉన్న నేలలో దాదాపు నాలుగో వంతే గనుక, గీయవలసినవి లక్షన్నర లోపే.

మరి పరకలు మాయమవడం కంటికి తెలియదా? తెలియకుండా చేయాలి. ప్రతి పరకకూ 0 నుంచి 99 దాకా ఒక సంఖ్యను, అది మొలిచిన చోటును బట్టి శాశ్వతంగా ఇస్తారు. సంఖ్య ఎక్కువున్న పరక ముందు పోతుంది. 60వ సంఖ్య పరక 15.6 మీటర్ల దగ్గర పోవాలి. అది అక్కడ ఒక్కసారిగా పోదు. 14 మీటర్ల దగ్గరే కుంచించుకుపోవడం మొదలుపెట్టి, 15.6 చేరేసరికి నేలలోకి ఇంకిపోతుంది. ఈ సంఖ్యలను బొమ్మ గీసిన ప్రతిసారీ కొత్తగా ఇస్తే మాత్రం గడ్డంతా ఉడుకుతున్న ఎసరులా కదులుతుంది.

పరక ఆకారాన్ని కూడా దూరానికి తగ్గట్టు తేలిక చేయవచ్చు. జపానులోని సుషిమా దీవి నేపథ్యంగా 2020లో వచ్చిన ‘గోస్ట్ ఆఫ్ సుషిమా’ ఆటలో గడ్డి చాలా పేరు పొందింది. అందులో దగ్గరి పరకకు 15 బిందువులు, దూరపు పరకకు 7 బిందువులు. మార్పు దూరం వచ్చేలోపే 15 బిందువుల పరక తన బిందువులను మెల్లగా జరుపుకుని 7 బిందువుల పరక ఆకారంలోకి వచ్చేస్తుంది. ఇక మారినా తేడా ఏముంటుంది?

100 మీటర్ల దగ్గర గడ్డి పూర్తిగా ఆగిపోవాలి. 30 సెంటీమీటర్ల పరక అక్కడ ఇంకా 2.8 పిక్సెళ్ళ ఎత్తుంటుంది. ఉన్నట్టుండి ఆపేస్తే పొలం గట్టు గీసినట్లు ఒక గీత పడుతుంది. అందుకని 80 మీటర్ల నుంచి పరకల ఎత్తును తగ్గిస్తూ 100కు సున్నా చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, కింది నేల రంగు గడ్డి సగటు రంగుతో సరిపోవాలి. నేల గోధుమరంగులో, గడ్డి పచ్చగా ఉంటే ఎన్ని ఉపాయాలు పన్నినా ఆ సరిహద్దు దాగదు.

ఎలా పరీక్షించాలి?

గబగబా పరుగెత్తి చూస్తే తప్పులు తెలియవు. ఒక్కో రూపానికీ ఒక్కో రంగు పూసి, అంటే మొదటిదానికి ఎరుపు, రెండోదానికి పసుపు ఇలా, ముందు వలయాలు అనుకున్నచోటే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తర్వాత రంగులు తీసేసి, సాయంకాలపు ఆకాశం ముందు నల్లగా నిలిచిన చెట్ల వైపు మెల్లగా నడవాలి. కొండ ముందున్న చెట్టులో దాగే తప్పు ఆకాశం ముందున్న చెట్టులో దాగదు. ఎక్కడైనా చూపు ఆగిందంటే అక్కడ నిలబడి, రెండు రూపాలనూ మార్చి మార్చి చూడాలి. గుబురు పలచబడితే వైశాల్యం తప్పు. అంచు జరిగితే దూరం తప్పు. వెలుగు మారితే రంగు తప్పు.

మీకొక లెక్క

మన గొలుసులో మూడో వలయమే, అంటే 94 నుంచి 275 మీటర్ల దాకా ఉన్నదే, అందరికంటే ఎక్కువగా 25 లక్షల త్రిభుజాలు తింటోంది. దాని నడుమ ఇంకొక రూపం చేర్చండి. రేకులు 125, మొత్తం త్రిభుజాలు 300. రేకు భుజం ఎంతవుతుంది? ఏ దూరం నుంచి దాన్ని వాడవచ్చు? మొత్తం త్రిభుజాలు ఎన్ని తగ్గుతాయి? ముందు మీరు కాగితం మీద చేసి, ఆ తర్వాతే కింది జవాబు చూడండి.

జవాబు: భుజం 1.6 మీటర్లు. అంచు తేడా 0.4 మీటరు గనుక దూరం 187 మీటర్లు. 94 నుంచి 187 దాకా సుమారు 820 చెట్లు పాత మూడో రూపంలో, 187 నుంచి 275 దాకా సుమారు 1,280 చెట్లు కొత్త రూపంలో ఉంటాయి. ఈ వలయపు ఖర్చు 25.2 లక్షల నుంచి దాదాపు 13.7 లక్షలకు, మొత్తం ఖర్చు సుమారు 38 లక్షలకు దిగుతుంది.